నెఫ్రాన్ బొమ్మ: విడతలుగా వేయాలా, ఒకేసారి వేయాలా?

నల్లగొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తున్నాను. సెకండియర్‌లో విసర్జక వ్యవస్థ పాఠం, కిడ్నీలో రక్తాన్ని వడగట్టే సన్నని నాళమైన నెఫ్రాన్‌తో సహా, అయిపోగానే ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు: "మేడం, నెఫ్రాన్ బొమ్మ మొత్తం ఒకేసారి వేసి చివర్లో నోట్సు చూసుకోవాల్నా, లేకపోతే ముక్కలు ముక్కలుగా వేసుకుంట ఎక్కడికక్కడ చూసుకోవాల్నా?"

మూడో పద్ధతి ఒకటుంది, నోట్సు పక్కన తెరిచి పెట్టుకుని చూస్తూ ఐదారుసార్లు వేయడం. దాని గురించి ఎక్కువ చెప్పను. ఆ సాయంత్రానికి అదే బాగున్నట్టు కనిపిస్తుంది, వారం తర్వాత తెల్ల కాగితం ఇస్తే చేయి ఆగిపోతుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలోనూ ఇలాంటిదే తేలింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. వాళ్లు వాడింది చదివే పాఠ్యాన్ని, బొమ్మల్ని కాదు. కానీ మా పిల్లల నోట్‌బుక్కుల్లో నాకు కనిపించేదీ ఇదే. అందుకని చూడకుండా వేయడం అనే దగ్గర నాకు అనుమానం లేదు. ఎలా విడగొట్టాలి, ఎప్పుడు సరిచూడాలి అన్న దగ్గరే అసలు తేడా ఉంది.

ముందు ఒకేసారి వేసే పద్ధతి. దీనిలో గొప్పదనం ఏమిటంటే పరీక్షలో జరిగేది అదే. ఖాళీ కాగితం, ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరూ చెప్పరు, మధ్యలో నోట్సు లేదు. ఎనిమిది, పది నిమిషాల్లో ఒక రౌండ్ అయిపోతుంది కాబట్టి రోజూ చేయొచ్చు. ఇబ్బంది ఎక్కడ వస్తుందో ఒక అమ్మాయి నోట్‌బుక్కు చూస్తే అర్థమైంది. దేవరకొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదివేది. మూడు రోజులు వరసగా నెఫ్రాన్ వేసింది, మూడుసార్లూ ఎర్ర పెన్నుతో తనే టిక్కులు పెట్టుకుంది. అభివాహి ధమనిక, రక్తకేశనాళికా గుచ్ఛం, బౌమన్ గుళిక, అన్నీ సరైన పేర్లే. కానీ మూడు బొమ్మల్లోనూ దూరస్థ సంవళిత నాళం, అంటే పిల్లలు డీసీటీ అనేది, కిడ్నీ వెలుపలి భాగమైన వల్కలం గీత కింద, లోపలి భాగమైన దవ్వలో ఉంది. నిజానికి అది గీత పైన, వల్కలంలో ఉండాలి.

"ఇది ఇక్కడ ఎందుకుంది బిడ్డా?" అన్నాను.

"నోట్సు చూసిన మేడం. డీసీటీ రాసి ఉంది, నేనూ రాసిన."

నోట్సులో పేరు ఉంది, తన బొమ్మలో పేరు ఉంది, అంతటితో టిక్కు పడిపోయింది. నాళం ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో తను సరిచూడలేదు. మొత్తం బొమ్మ ఒకేసారి ఎదురుగా ఉన్నప్పుడు కన్ను పేర్ల మీదికే పోతుంది, గీతల మీదికి పోదు. పైగా అదే తప్పు మూడు రోజులు చేతికి అలవాటైంది, నాలుగో రోజు దిద్దడం మొదటి రోజు కంటే కష్టమైంది.

విడతల పద్ధతి ఈ తప్పును ఆ రోజే పట్టుకుంటుంది, విడతలు సరిగ్గా పడితేనే. చాలామంది మొదటి విడతలో బయటి ఆకారమంతా, రెండో విడతలో లోపలి వివరాలు, మూడో విడతలో పేర్లు అని పెట్టుకుంటారు. పుష్పం నిలువుకోతకు, ఆకు అడ్డుకోతకు అది నడుస్తుంది. నెఫ్రాన్‌కు నడవదు, ఎందుకంటే నెఫ్రాన్‌కు బయటి ఆకారం అంటూ ఏదీ లేదు, అదొక దారి. కాబట్టి విడతలు కూడా ఆ దారి వెంటే పోవాలి. రక్తం వచ్చే దారి ఒక విడత, వడపోత ద్రవం కిందికి దిగి పైకి వచ్చే దారి ఒకటి, బయటికి పోయే దారి ఒకటి, పేర్లు చివర. ఒక్కో విడతకు ఒక్కో రకం తప్పు ఉంటుంది కాబట్టి నోట్సులో ఏం చూడాలో ముందే తెలిసి ఉంటుంది.

మొదటి విడతకు ముందే కాగితం మీద పై నుంచి మూడో వంతు దగ్గర ఒక అడ్డగీత గీయమంటాను. పైన వల్కలం, కింద దవ్వ. ఈ గీత లేకుండా మొదలుపెట్టిన పిల్లలు గుళికను పేజీ మధ్యలో పెద్దగా వేసేసి కిందికి దిగి వంగి పైకి వచ్చే హెన్లీ శిక్యానికి చోటు చాలక దాన్ని కుదించేస్తారు. గీత పైన ఎడమ వైపు గుళికను చిన్న గిన్నెలా, రెండు గోడలతో వేయాలి. గిన్నె నోట్లోకి అభివాహి ధమనిక అనే రక్తనాళం వచ్చి, గుచ్ఛంగా ఉండలా చుట్టుకుని, అదే నోటి నుంచి అపవాహి ధమనిక అనే ఇంకో రక్తనాళంగా బయటికి పోతుంది. ఇక్కడ ఆపి నోట్సు తెరవాలి. చూడాల్సినవి రెండే: రెండు ధమనికలూ ఒకే వైపు ఉన్నాయా, లోపలికి వచ్చేది బయటికి పోయేదాని కంటే వెడల్పుగా ఉందా. రెండోది ఎందుకో మన చెరువుల ఊళ్ల పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. వాగు వెడల్పుగా వచ్చి చేరుతుంటే తూము సన్నగా ఉంటే చెరువులో నీళ్లు పెరుగుతాయి, కట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. గుచ్ఛంలోనూ అలా ఒత్తిడి పెరిగే రక్తం వడపోతకు గురవుతుంది, రెండు కిడ్నీల్లో కలిపి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల వడపోత ద్రవం వస్తుంది. కారణం తెలిసిన పిల్ల వెడల్పు సంగతి మర్చిపోవడం నేను చూడలేదు.

రెండో విడతలో సమీపస్థ సంవళిత నాళం గిన్నె నోటికి ఎదురు వైపు నుంచి బయల్దేరుతుంది. మెలికలన్నీ గీత పైనే ఉండాలి. తర్వాత నాళం నిటారుగా గీత దాటి కిందికి దిగి, హెయిర్‌పిన్‌లా వంగి, మళ్లీ పైకి వచ్చి గీత దాటాలి. ఇక్కడ ఆపి సరిచూడాల్సింది ఒకటే, నాళం ఆ గీతను ఎన్నిసార్లు దాటింది? సరిగ్గా రెండుసార్లు. ఈ లెక్క పెట్టిన రోజే దేవరకొండ అమ్మాయి తప్పు తనకే కనిపించింది. తన బొమ్మలో నాళం పైకి రానేలేదు, కిందే మెలికలు తిరిగి కిందే సంగ్రహణ నాళంలో కలిసిపోయింది.

మూడో విడతలో దూరస్థ నాళం వల్కలంలో మెలికలు తిరిగి సంగ్రహణ నాళంలో కలుస్తుంది, ఆ నాళం నిటారుగా దవ్వలోంచి కిందికి పోతుంది. అపవాహి ధమనిక నుంచి వచ్చే రక్తకేశనాళికల వల నాళాల చుట్టూ అల్లుకోవడం కూడా ఈ విడతలోనే వేయిస్తాను, సగం మంది మర్చిపోయేది అదే. పేర్లు రాసేటప్పుడు గీతలు స్కేలుతో, ఒకదాన్నొకటి దాటకుండా, కొన ఆ భాగాన్ని తాకేలా ఉండాలి. పేర్ల గీతలకు బాణం గుర్తు పెట్టొద్దంటాను, బాణం అంటే ద్రవం పోయే దిశ అని చదువుకుంటారు.

ఇలా మొదటిసారి చేస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు పడుతుంది. అది ఒక్కటే దీని లోపం కాదు. విడత విడతకూ నోట్సు తెరవడం వల్ల తర్వాతి విడతకు ఆధారం దొరుకుతుంది. ఇప్పుడే దిద్దుకున్న ముక్క ఎదురుగా ఉంటుంది, దాని కొన నుంచి గీయడం సులువు. పదిసార్లు విడతలుగా వేసిన పిల్ల కూడా మొదటి గీత నుంచి చివరి పేరు దాకా ఆగకుండా వేయమంటే అతుకుల దగ్గర తడబడుతుంది. దీన్ని కనిపెట్టడానికి నేను ఒక చిన్న పని చేయిస్తాను, సంగ్రహణ నాళం నుంచి వెనక్కి గీయమంటాను. నాళాల దారి తెలిసిన పిల్ల మెల్లగానైనా గుళిక దాకా వస్తుంది. చేతి వరస మాత్రమే నేర్చుకున్న పిల్ల డీసీటీ దగ్గరే ఆగిపోతుంది.

అందుకే రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోమంటే నేను ఒప్పుకోను. కొత్త బొమ్మకు మొదటి రోజు, మూడో రోజు విడతలుగానే వేయాలి, విడత విడతకూ చూసుకోవాలి. ఆ రెండుసార్లలో ఏ అతుకూ తప్పకపోతే ఎనిమిదో రోజు నుంచి మొత్తం ఒకేసారి, చివర్లో ఒక్కసారే సరిచూడటం. అప్పుడు ఎక్కడైనా తప్పు వస్తే బొమ్మంతా మళ్లీ మొదటి నుంచి విడగొట్టక్కర్లేదు, తప్పిన ఆ ఒక్క విడతనే మళ్లీ వేస్తే చాలు. గుండె అంతర్నిర్మాణానికి మాత్రం నేను ఇంకో రెండుసార్లు ఎక్కువగా విడతల్లోనే ఉంచుతాను. అక్కడ బొమ్మలో కుడి వైపు కనిపించేది శరీరంలో ఎడమ వైపు కాబట్టి, ఒకసారి తారుమారైతే గదులు, కవాటాలు, నాళాలు అన్నీ కలిసికట్టుగా తప్పుతాయి, అయినా బొమ్మ చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

ఏ పద్ధతిలోనైనా ముందు ఒక పని ఉంది, నోట్సునే ఒకసారి పాఠ్యపుస్తకంతో సరిచూసుకోవాలి. నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక గైడు నుంచి దింపుకున్న నా నోట్సులో అభివాహి, అపవాహి పేర్లు తారుమారయ్యాయి. ఆ నోట్సుతోనే శ్రద్ధగా సరిచూసుకుని తప్పునే గట్టిగా నేర్చుకున్నాను, దాన్ని వదిలించుకోవడానికి డిగ్రీ దాకా పట్టింది.

ఎనిమిదో రోజు దేవరకొండ అమ్మాయి నా ఎదురుగా కూర్చుని తొమ్మిది నిమిషాల్లో నెఫ్రాన్ వేసింది. నోట్సు తెరిచి పేర్లు వదిలేసి గీతలు చూసుకుంది. అప్పుడే నోట్సులోని బొమ్మను వేలితో చూపిస్తూ అడిగింది: "మేడం, నాళం పైకొచ్చినంక నేరుగా పోయి సంగ్రహణ నాళంల కలవొచ్చు కదా. మళ్ల తన గుళిక దగ్గరికే వచ్చి, ఆ రెండు ధమనికల నడుమ తాకుకుంట ఎందుకు పోతది?"

తను మూడు రోజులు తప్పుగా వేసిన చోటు సరిగ్గా అదే. అక్కడ నాళం గోడలోని కణాలు లోపల పోతున్న ద్రవంలో ఉప్పు ఎంతుందో పసిగడతాయని చెప్పాను. ఉప్పు ఎక్కువైతే అభివాహి ధమనిక సన్నబడి వడపోత తగ్గుతుంది, తక్కువైతే పక్కనున్న ధమనిక గోడ నుంచి రెనిన్ అనే ఎంజైమ్ విడుదలవుతుంది. తను పెన్సిల్ తీసుకుని నాళానికీ ధమనికకూ మధ్య వదిలిన సన్నని ఖాళీని చెరిపేసి, రెండూ తాకేలా మళ్లీ గీసింది.