స్కూలు ఇచ్చిన గూగుల్ అకౌంట్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఆరో తరగతిలో స్కూలు ఇచ్చిన గూగుల్ అకౌంట్‌నే మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోనూ వాడుతోంది. క్లాస్‌రూమ్, డాక్స్, మీట్ వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాటి బయట ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలన్నా, కొనాలన్నా, వేరే సైట్‌లో లాగిన్ అవ్వాలన్నా అడ్మిన్ అనుమతి అడ్డొస్తుంది. మమ్మల్ని బాగా విసిగించింది లాగిన్ వ్యవహారమే.

మ్యాథ్స్ మేడమ్ జియోజెబ్రాలో బొమ్మలు గీసి సేవ్ చేయమన్నారు. గీయడానికి లాగిన్ అక్కర్లేదు, సేవ్ చేయాలంటే మాత్రం కావాలి. Sign in with Google నొక్కి స్కూలు అకౌంట్ ఎంచుకోగానే, మీ సంస్థ అడ్మిన్ ఈ యాప్‌ను పరిశీలించాలి అంటూ Access blocked పేజీ వచ్చింది. మా అమ్మాయి పాస్‌వర్డ్ తప్పేమోనని కంగారుపడింది. పాస్‌వర్డ్‌కూ దీనికీ సంబంధం లేదు. ఆ పేజీలో చూడాల్సింది ఎర్రర్ పేరు. మాకు కనిపించింది ఇది:

```
Error 400: access_not_configured
```

ఆ యాప్ విషయంలో స్కూలు ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదని దీని అర్థం. దీని బదులు `admin_policy_enforced` అని వస్తే అడ్మిన్ పెట్టిన పాలసీయే ఆపుతోందన్నమాట. మొదటిదైతే అడిగితే పని జరిగే అవకాశం ఎక్కువ. రెండోదైతే ఎందుకు ఆపారో ముందు కనుక్కోవాలి. ఈ తేడా తెలియక చాలామంది తల్లిదండ్రులు కుకీలు తుడవడం, బ్రౌజర్ మార్చడం, ఫోన్ రీసెట్ చేయడం దాకా వెళ్తున్నారు. వాటివల్ల ఏమీ మారదు, ఎందుకంటే అడ్డు ఉన్నది ఫోన్‌లో కాదు, అకౌంట్‌లో.

నేను మేడమ్‌కి ఫోన్ చేస్తే, "నాకు ఓపెన్ అవుతోంది కదండీ" అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. 2021 నుంచి గూగుల్ స్కూలు అకౌంట్లకు వయసు సెట్టింగ్ తెచ్చింది. స్కూళ్లలో అడ్మిన్ మార్చకపోతే అందరినీ 18 ఏళ్ల లోపు వాళ్లుగానే లెక్కేస్తుంది. మా స్కూల్లో టీచర్లను పెద్దల గుంపులోకి మార్చారు, పిల్లల్ని అలాగే ఉంచారు. 18 లోపు అకౌంట్లకు అడ్మిన్ పరిశీలించని బయటి యాప్‌లు ఆగిపోతాయి. అందుకే హోమ్‌వర్క్ ఇచ్చే ముందు టీచర్ తన అకౌంట్‌తో చూసుకుంటే సరిపోదు. ఒక స్టూడెంట్ అకౌంట్‌తో ప్రయత్నించి చూడాలి.

ఆ పేజీలో యాక్సెస్ కోరే బటన్ ఉంటే నొక్కి, ఎందుకు కావాలో ఒక వాక్యం రాయొచ్చు. అడ్మిన్ ఆ అవకాశం ఇచ్చి ఉంటేనే అది పనిచేస్తుంది. మేము ఎర్రర్ స్క్రీన్‌షాట్, యాప్ పేరు, ఏ క్లాసు, ఏ సబ్జెక్ట్ అన్నీ రాసి కంప్యూటర్ సార్‌కి పంపాం. ఆయన అడ్మిన్ కన్సోల్‌లో Security కింద API controls తెరిచి, జియోజెబ్రాకు అనుమతి ఇచ్చారు. అయినా రాలేదు. చూస్తే అనుమతి టీచర్ల గుంపుకే పడింది, పిల్లల గుంపు విడిగా ఉంది. అక్కడ కూడా మార్చాక మర్నాటికి తెరుచుకుంది. ఇలాంటి మార్పులు అమల్లోకి రావడానికి 24 గంటల వరకు పట్టొచ్చు, కాబట్టి వెంటనే రాలేదని సార్‌ని మళ్లీ మళ్లీ అడగొద్దు.

ఇన్‌స్టాల్ సంగతి కాస్త తేలిక. ప్లే స్టోర్‌లో యాప్ దొరక్కపోతే పైన కుడివైపు ఫోటో నొక్కి, ఏ అకౌంట్ ఉందో చూడండి. స్కూలు అకౌంట్ ఉంటే అడ్మిన్ ఒప్పుకున్న యాప్‌లే వస్తాయి. ఇంటి ఫోన్ అయితే మన సొంత అకౌంట్‌కి మారి ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. కానీ స్కూలే ఇచ్చిన ట్యాబ్ అయితే పరికరం మీదే పాలసీ ఉంటుంది, ఈ దారి పనిచేయదు. కంప్యూటర్‌లో క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఆగిపోతే అడ్రస్ బార్‌లో `chrome://policy` కొట్టి చూడండి, స్కూలు పెట్టిన నియమాలు వరసగా కనిపిస్తాయి. పాపకు క్రోమ్‌లో విడి ప్రొఫైల్ పెట్టాక ఆ నియమాలు నా ఆఫీసు పనికి అడ్డు రావడం లేదు.

ఇక కొనడం గురించి ఆశ పెట్టుకోవద్దు. స్కూలు అకౌంట్‌ను గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో చేర్చలేం, అంటే నేను డబ్బు పెట్టి కొన్న యాప్ ఆ అకౌంట్‌కి పంచలేను.

పిల్లల డేటా ఎవరి చేతికి వెళ్లాలో స్కూలు చూసుకోవడం నాకు ఇష్టమే, ఆ తాళం తీసేయమని నేను అడగను. నాకు కోపం వచ్చేది హోమ్‌వర్క్ ఇచ్చాక తాళం గుర్తుకు రావడం మీద. ఏడాది మొదట్లో టీచర్లందరి దగ్గరా యాప్‌ల జాబితా తీసుకుని అడ్మిన్ ఒకేసారి పరిశీలిస్తే, పిల్లలకు రాత్రి తొమ్మిదింటికి ఈ టెన్షన్ ఉండదు. ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో నేను రాసిచ్చింది కూడా ఇదే.