బరంపురంలో డేటా విశ్లేషణ చేయించుకునేవారికి హెచ్చరిక

గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి థీసిస్ లెక్కల కోసం బరంపురం వచ్చే మన తెలుగు విద్యార్థులు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను 4,500 రూపాయలు ఇచ్చి తెచ్చుకున్న నివేదికలో కూడికలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వాటి నుంచి రాసిన మాటే తప్పు.

నాది చోళ్ల పంట ప్రయోగం. నాటు రకం, మేలు రకం. యూరియా వేసి, వేయకుండా. ఒక్కో కలయికకు 10 చొప్పున మొత్తం 40 మళ్లు. యూరియా లేకపోతే నాటు రకం మడికి సగటున 18 కిలోలు పండింది, మేలు రకం 14. యూరియా వేస్తే నాటు రకం 20, మేలు రకం 24. అంటే యూరియా నాటు రకానికి 2 కిలోలే కలిపింది, మేలు రకానికి 10 కలిపింది.

నివేదికలో ఏం రాశారో చూడండి: "రకాల మధ్య తేడా లేదు, యూరియా దిగుబడిని పెంచుతుంది." రెండు రకాల సగటూ 19 కాబట్టి తేడా లేదట! యూరియా లేనిచోట నాటు రకం 4 కిలోలు ముందుంది, ఉన్నచోట మేలు రకం 4 కిలోలు ముందుంది. ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటేనే సగటులు సమానమయ్యాయి. రకాన్ని బట్టి యూరియా ఫలితం మారడాన్ని చూపే పరస్పర ప్రభావానికి నివేదికలోని పట్టికలోనే F(1, 36) = 16 అని ఉంది. దాని గురించి ఒక్క వాక్యం కూడా లేదు. యూరియా కొనలేని రైతుకు ఈ నివేదిక చూసి మేలు రకం విత్తనం ఇస్తే మడికి 4 కిలోలు నష్టపోతాడు. నాకు కోపం తెప్పించింది అదే.

బొమ్మ ఇంకా మోసం చేసింది. ఒక్కో రకానికి వేరే చట్రం గీశారు. ఒకదాని నిలువు అక్షం 17 నుంచి 21 వరకు, రెండోదానిది 9 నుంచి 29 వరకు. దాంతో 2 కిలోల పెరుగుదల, 10 కిలోల పెరుగుదల ఒకే ఏటవాలుగా కనిపించాయి. రెండు గీతలనూ ఒకే చట్రంలో, ఒకే అక్షం మీద నేను మళ్లీ గీస్తే అవి కత్తెరలా ఒకదాన్నొకటి దాటాయి. ప్రతి సగటు దగ్గరా విశ్వాస అంతరం గీత కూడా పెట్టాను.

సరళ ప్రభావాలు, అంటే ఒక్కో రకంలో యూరియా ప్రభావం విడిగా, అడిగితే ఫైలును రకాలవారీగా చీల్చి రెండు టీ-పరీక్షలు చేసి ఇచ్చారు. అలా చేస్తే ఒక్కో పరీక్షకు దోష స్వాతంత్ర్య సంఖ్య 18 మాత్రమే మిగులుతుంది. నాలుగు గుంపుల చెదురు దాదాపు సమానంగా ఉన్నప్పుడు 40 మళ్ల ఉమ్మడి దోషమే వాడాలి, అప్పుడది 36. ఆర్‌లో ఇంతే:

```
m <- aov(digubadi ~ rakam * urea, data = d)
emmeans::joint_tests(m, by = "rakam")
```

మేలు రకంలో యూరియా ప్రభావానికి F = 50 వచ్చింది, నాటు రకంలో F = 2, p = 0.17. రెండోదాన్ని "ప్రభావం లేదు" అని రాయలేదు; 2 కిలోల పెరుగుదల ఈ మళ్లతో రుజువు కాలేదని రాశాను. ఒకటి నెగ్గి ఇంకొకటి నెగ్గకపోవడం వల్లే రకాలు వేరని కూడా చెప్పలేదు. ఆ మాటకు ఆధారం పరస్పర ప్రభావపు F = 16.

డబ్బు వాపసు అడిగాను, ఇవ్వలేదు. మీరు బయానా ఇచ్చే ముందే వారు చేసిన పాత పని ఒకటి అడిగి, అందులో బొమ్మ అక్షం మీది అంకెలు చదవండి.