ఒకే ఫండులో నేనూ మా బావమరిదీ: సిప్ సమీక్ష

2018లో ఒక మ్యూచువల్ ఫండులో నెలకు 5,000 రూపాయల సిప్, అంటే నెలనెలా కట్టే పెట్టుబడి, మొదలుపెట్టాను. నేనుండేది తిరుపతి. చిత్తూరులో ఉండే మా బావమరిది కూడా అదే ఈక్విటీ ఫండులో, అంతే మొత్తంతో చేరాడు. నాది ఫండు సంస్థ వెబ్‌సైటులో తీసుకున్న డైరెక్ట్ ప్లాన్, అతనిది ఏజెంటు ద్వారా రెగ్యులర్ ప్లాన్. రెండింటి డబ్బూ వెళ్లేది అవే షేర్లలోకి.

ఒకసారి స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టి చూశాం. "మీ యూనిట్ ధర ఎక్కువ బావా, నాకే చవకగా వచ్చాయి" అన్నాడు. నిజానికి ఆ తేడాలోనే అసలు సంగతి ఉంది. డైరెక్ట్ ప్లాన్లు 2013 జనవరిలో వచ్చాయి. అంతకుముందే ఉన్న మా ఫండులో ఆనాడు రెండు ధరలూ దాదాపు ఒకటే. రెగ్యులర్ ప్లాన్లో ఏజెంటు కమిషన్‌తో సహా ఖర్చులన్నీ రోజూ కొంచెం కొంచెంగా మినహాయించాకే యూనిట్ ధర ప్రకటిస్తారు. కాబట్టి బిల్లు ఎక్కడా కనిపించదు, ధర మాత్రం వెనకబడుతుంది. నెలకు 5,000 చొప్పున 15 ఏళ్లు కడితే పెట్టుబడి 9 లక్షలు. ఏటా 12 శాతం పెరిగితే అది సుమారు 25.2 లక్షలవుతుంది, కమిషన్‌కు ఒక శాతం పోయి 11 శాతమైతే 22.9 లక్షలు. ఆ ఒక్క శాతం విలువ 2.3 లక్షలు.

అయినా ఏజెంటు దండగ అనను. 2020 జనవరిలో 12,300 పైన ఉన్న షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చిలో 7,600 దాకా జారినప్పుడు, సిప్ ఆపేస్తానన్న మా బావమరిదిని ఆపింది ఆయనే. 100 రూపాయల యూనిట్ 62కు పడితే, అదే 5,000కు 50 బదులు 80 యూనిట్లు వస్తాయి. ఆ నవంబరుకల్లా సూచీ పాత స్థాయికి చేరింది. ప్రతిసారీ ఇంత త్వరగా కోలుకుంటుందనుకోకూడదు. 2008 జనవరి నాటి గరిష్ఠాన్ని నిఫ్టీ నిలకడగా దాటింది 2014లోనే. అందుకే రెండేళ్లలో కట్టాల్సిన పాప కాలేజీ ఫీజు డబ్బును నేను బ్యాంకు డిపాజిట్లోనే ఉంచాను. ఏడేళ్లకు పైగా ముట్టుకోనక్కర్లేని డబ్బే ఇందులోకి వెళ్తుంది.

కొత్తవారిని తికమక పెట్టేది ఎగ్జిట్ లోడ్. మా ఫండులో ఏడాదిలోపు తీస్తే ఒక శాతం కోత. ఆ ఏడాదిని సిప్ మొదలైన రోజు నుంచి కాదు, ప్రతి వాయిదాకూ విడివిడిగా లెక్కిస్తారు. జనవరిలో మొదలుపెట్టి మరుసటి ఫిబ్రవరి చివర్లో మొత్తం తీసేస్తే, కోత తప్పేది మొదటి రెండు వాయిదాలకే.

మీది ఏ ప్లానో తెలియకపోతే స్టేట్‌మెంట్లో పథకం పేరు పూర్తిగా చదవండి. Direct అని ఉంటే కమిషన్ లేనట్టే. Regular అని ఉంటే, ఏటా ఇచ్చే ఆ కమిషన్‌కు తగిన సాయం అందుతోందా అని మీ ఏజెంటునే అడగండి.