"కుదరదు" అన్న మాటను ఎలా తిరగరాయాలి: మెత్తగానా, కారణంతోనా?

అమ్మకాల విభాగం బిల్లుల యాప్‌లో ఎక్సెల్ డౌన్‌లోడ్ సౌకర్యం అడిగింది. ప్రోడక్ట్ మేనేజర్ జవాబు: "కుదరదు. మా జాబితాలో లేదు." దీన్ని రెండు విధాలుగా మార్చవచ్చు.

మెత్తని జవాబు: "మంచి సూచన, పరిశీలిస్తాం."

కారణంతో జవాబు: "నెలాఖరున బిల్లుల వివరాలు మీరే ఎక్కించుకోవలసి వస్తోందని అర్థమైంది. జూన్ వరకు జీఎస్టీ లెక్కల్లో తప్పులు సరిచేస్తున్నాం, అందుకే ఇప్పుడు దీన్ని చేపట్టలేం. ఎంతమంది ఖాతాదారులు అడిగారో పంపండి. జులై ప్రణాళికలో చర్చించి, నిర్ణయం నేనే చెబుతాను."

శ్రమ: మొదటిదానికి అర నిమిషం. రెండోదానికి పది నిమిషాలు, అదీ అసలు కారణం తెలిసి ఉంటేనే.

ఖర్చు: మెత్తని జవాబు తర్వాత అమ్మకాల వాళ్లు వారం వారం "ఏమైంది?" అని అడుగుతారు. అంతకంటే నన్ను భయపెట్టేది, ఈలోగా వాళ్లు ఖాతాదారుకు "వస్తోంది" అని మాట ఇచ్చేయడం.

ప్రమాదం: "జులైలో చర్చిస్తాం" అన్నది "జులైలో వస్తుంది"గా మారిపోతుంది. కాబట్టి తేదీ చర్చకే ఇవ్వాలి, విడుదలకు వద్దు.

అభ్యర్థనను ఇంకా చూడకపోతే "అందింది, శుక్రవారంలోగా చెబుతాను" అంటే చాలు. ఇప్పుడు చేపట్టకూడదని నిర్ణయం జరిగిపోతే కారణంతో జవాబే సరైనది. ఎప్పటికీ చేయకూడదనుకుంటే జులై మాట తీసేసి, చేయబోమని కారణంతో సహా రాయాలి.