బస్సులో కురళ్, ఫోన్‌లో కెమెరా, తెలుగులో ద్విపద: చాలా కాలం వాడాక నా రివ్యూ

చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్ళకి ఈ బాధ తెలిసే ఉంటుంది, గవర్నమెంట్ బస్సు ఎక్కితే ఎక్కడో ఒకచోట తిరుక్కురళ్ పుస్తకంలోని రెండు లైన్ల పద్యం ఒకటి, అంటే ఓ కురళ్, రాసి ఉంటుంది, స్కూలు గోడ మీదా లైబ్రరీలోనూ అవే పోస్టర్లు, తమిళం మాట్లాడ్డం వచ్చినా ఆ పాత తమిళం మాత్రం ఒక పట్టాన కొరుకుడు పడదు. నేను ఫోన్‌లో ఫొటోలోంచి అక్షరాలు చదివి తెలుగులోకి మార్చే యాప్ పెట్టుకుని, దాంతో కురళ్‌లు తెలుగులోకి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నా. ఏ యాప్ అని అడక్కండి, రెండు మూడు మార్చాను, ఈ విషయంలో అన్నీ దాదాపు ఒకే రకం. ఒక్క ముక్కలో చెప్పాలంటే అర్థం వరకు యాప్ పనికొస్తుంది, లయ మాత్రం మొత్తం మన చేతి పనే, అయితే అర్థం కూడా సరిగ్గా రావాలంటే ముందు ఫొటో సరిగ్గా చదివిందో లేదో చూసుకోవాలి, చాలామంది అక్కడే ఆగకుండా ముందుకి వెళ్ళిపోతారు.

391వ కురళ్ తీసుకుందాం, కల్వి, అంటే చదువు, అనే 40వ అధ్యాయంలో మొదటిది, పోస్టర్లలో బాగా కనిపించేది కూడా ఇదే.

కఱ్క కసడఱక్ కఱ్పవై కఱ్ఱపిన్
నిఱ్క అదఱ్కుత్ తగ

తమిళంలో పొల్లు హల్లు అంటే అక్షరం నెత్తిన ఒక చుక్క, అంతే. ఈ రెండు లైన్లలోనే అలాంటి చుక్కలు ఎనిమిది ఉన్నాయి. బస్సు అద్దం మెరుపు పడినా, పోస్టర్ మీద దుమ్మున్నా, పక్కనుంచి వాలుగా తీసినా యాప్ ముందు మింగేసేది ఈ చుక్కనే. చుక్క పోతే ‘కఱ్క’ కాస్తా ‘కఱగ’ లాంటిది అయిపోతుంది, అలాంటి మాటే లేదు, అప్పుడు యాప్ ఊరుకోకుండా దగ్గర్లో ఉన్న ఇంకేదో మాట పట్టుకుని నున్నటి తెలుగు వాక్యం రాసిచ్చేస్తుంది, చదివితే బానే ఉంటుంది, కురళ్‌కి దానికి సంబంధం ఉండదు. అందుకే నేను ఫొటో మీదే తెలుగు అతికించి చూపించే పద్ధతి వాడను. అక్షరాల్ని విడిగా టెక్స్ట్‌గా తీసి, ఫొటో జూమ్ చేసి చుక్కలు లెక్కపెట్టుకుంటా. ఎదురుగా నిలబడి, ఫ్లాష్ లేకుండా, కురళ్ వరకే కత్తిరించి ఇస్తే చుక్కలు చాలావరకు నిలబడతాయి. పోస్టర్ మీద కురళ్ నంబర్ ఉంటే మీ పంట పండినట్టే, ఏ పుస్తకంలోనైనా 391 తీసి పోల్చుకోవచ్చు.

ఇంకో తంటా ఏంటంటే పోస్టర్లో కురళ్ కింద చిన్నక్షరాల్లో వచనంలో అర్థం కూడా ఉంటుంది, యాప్ రెండిటినీ కలిపేసి చదువుతుంది. అలా కలిసినప్పుడు తెలుగు చాలా స్పష్టంగా వస్తుంది, అదే మోసం, మనకి వచ్చింది కురళ్ అనువాదం కాదు, ఎవరో రాసిన వ్యాఖ్యానం అనువాదం. కురళ్‌కి ఎప్పుడూ ఏడే సీర్లు, అంటే గణాల్లాంటి ముక్కలు, పై లైన్లో నాలుగు కింద లైన్లో మూడు. టెక్స్ట్ అంతకన్నా పొడుగుంటే వ్యాఖ్యానం కలిసినట్టే.

ఇవన్నీ సరిగ్గా ఉంటే యాప్ ఇచ్చే తెలుగు ఇలా ఉంటుంది: నేర్చుకోదగినవి దోషం లేకుండా నేర్చుకోవాలి, నేర్చుకున్నాక దానికి తగ్గట్టు నడుచుకోవాలి. అర్థానికి వంక పెట్టలేం. కానీ ఇందులో కురళ్ ఎక్కడుంది? అసలు దాన్ని పైకి చదివి చూడండి, పై లైన్లో నాలుగు ముక్కలూ ‘క’తోనే మొదలవుతాయి, రెండు లైన్లకీ రెండో అక్షరం దగ్గర ‘ఱ’ పొల్లు కలుస్తుంది, అచ్చం మన ప్రాసే, వాళ్ళు ఎదుగై అంటారు. చివర్న ‘తగ’ అని రెండు చిన్న అక్షరాలతో టక్కున ఆగిపోతుంది. ఇది ఏ యాప్ చెప్పదు.

నేను దీనికి ద్విపద వాడతా. రెండే లైన్లు, రెంటికీ ప్రాస, లైనుకి మూడు ఇంద్ర గణాలు ఆ పైన ఒక సూర్య గణం. ఆ చివరి సూర్య గణం పొట్టిది కాబట్టి కురళ్ చివర ఉండే ఆ ఆగడం కొంచెం దక్కుతుంది. తమిళ సీరుని తెలుగు గణంతో ఒకటికొకటి మార్చాలని మాత్రం చూడకండి, వాళ్ళ లెక్క నేర్, నిరై అనే అసైలతో, అంటే సీరులోని చిన్న ముక్కలతో, మనది లఘువు గురువులతో, రెండూ కలవవు. నా మొదటి ప్రయత్నం ఇది:

చదువేది యైనను చక్కగా చదువు
పదపడి దానికే బద్ధమై నడువు

సౌండు బాగా కుదిరింది, పై లైన్లో ‘చ’ మూడుసార్లు మోగుతుంది, యతి చ-చ, కిందది ప-బ, ప్రాస ‘ద’. కానీ అర్థం జారింది. ‘చదువేది యైనను’ అంటే ఏదైనా సరే అని, కురళ్ అనేది కఱ్పవై, అంటే చదవదగినవి, ఎంచుకుని చదవమని. ‘కసడఱ’ అంటే మచ్చ లేకుండా, ‘చక్కగా’ అనేది మరీ చప్పగా ఉంది. పైగా నడిచేవాడు మనిషైతే బద్ధుడై అనాలి గానీ బద్ధమై ఏంటి, అలా దిద్దితే గణం చెడదు గానీ మిగతా జారుడు అలాగే ఉంటుంది. అందుకని మళ్ళీ:

తప్పులేకుండగా తగినవి చదువు
అప్పుడా చదువుకు అనువుగా నిలువు

ఇక్కడ కసడఱ, కఱ్పవై రెండూ దక్కాయి, ‘నిఱ్క’కి నిలువు కూడా. ప్రాస ‘ప్ప’, యతి త-త, అ-అ. పోయిందేంటంటే ఆ నాలుగు ‘క’ల మోత, ‘త’ రెండుసార్లే వచ్చింది. నాకైతే రెండోదే ఇష్టం, గోడ మీద రాసుకోవాలంటే మొదటిది తీసుకునేవాళ్ళూ ఉంటారు. వ్యాకరణం పట్టింపున్న వాళ్ళు ‘చదువుకు ననువుగా’ అని రాయమంటారు, రాసుకోండి, యతి ‘అ’కే చెల్లుతుంది.

రెంటిలోనూ దక్కనిది ఒకటుంది. ‘కఱ్క’ అనేది నువ్వు చదువు అని ఆర్డర్ వేయడం కాదు, తమిళంలో వియంగోళ్ అంటారు, నువ్వు నేను వాళ్ళు అందరికీ వర్తిస్తుంది, ఆజ్ఞకీ ఆకాంక్షకీ మధ్యలో ఉంటుంది. ‘చదువవలె’ అంటే దగ్గరకి వస్తుంది గానీ ఐదక్షరాలు అయిపోయి సూర్య గణంలో పట్టదు.

సినిమా పాట పోస్టర్లకి కూడా ట్రై చేశా, అది వేరే సంగతి, అక్కడ ట్యూన్ ఉంటుంది కాబట్టి ఛందస్సు కాదు, ఏ అక్షరం మీద తాళం పడుతుందో చూడాలి, పాట వినకుండా ఒట్టి ఫొటోతో కుదరదు. డిజైనర్ ఫాంట్ల పోస్టర్లయితే యాప్ అక్షరాలే గుర్తుపట్టదు, చేత్తో టైప్ చేసుకోవడమే తొందరగా అవుతుంది.

రేటింగ్ అడిగితే, అక్షరాలు తీయడానికి ఐదుకి నాలుగు, మంచి వెలుతురులో. అర్థానికి మూడు, అదీ చుక్కలు చూసుకున్నాకే. లయకి సున్నా. తమిళ అక్షరాలు గుర్తుపట్టడం కొంచెమైనా వస్తేనే ఈ పద్ధతికి దిగండి, ఆ లిపి అస్సలు రాకపోతే చుక్క పోయిందని మీకు తెలిసే దారే లేదు, అప్పుడు తమిళం చదవగలిగే వాళ్ళ చేత ఒకసారి పైకి చదివించుకోవడం మేలు, వాళ్ళు ఎక్కడ ఆగుతున్నారో కూడా వినపడుతుంది.