కన్సాలిడేటెడ్ జీతమా, బేసిక్ ప్లస్ డీఏనా? మిల్లు కూలికి ఏది మేలు

మిర్యాలగూడ మిల్లుల్లో పదేళ్లకు పైగా హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు రాశాను. ఆ పని మానేసినా ఏప్రిల్, అక్టోబర్ వచ్చాయంటే ఫోన్లు తప్పవు. ఈసారి అడిగింది ఒక మిల్లులో ఊడ్చే అక్క. "సారూ, డీఏ గీఏ లెక్కలొద్దు, మొత్తం కలిపి ఇస్తా, ఏటా అయిదు శాతం పెంచుతా అంటుండు సేటు. ఒప్పుకోవాల్నా?" ఇదే ప్రశ్న జడ్చర్ల, కొత్తూరు వైపు కంపెనీల్లో పనిచేసే పాలమూరు పిల్లలు కూడా అడుగుతుంటారు.

ముందే చెప్తున్నా, నా మొగ్గు బేసిక్ ప్లస్ డీఏ వైపే. అయితే ప్రభుత్వం ఇచ్చే కనీస వేతనాల జీవోలన్నిటికీ కాదు. ఎందుకో చెప్పాలంటే జీవోలో చాలామంది చూడకుండా దాటేసే ఒక్క వాక్యం దగ్గర ఆగాలి. "ఇన్ని పాయింట్లకు పైన పెరిగే ప్రతి పాయింటుకు ఇన్ని రూపాయలు" అని ఉంటుంది. మనవాళ్ల చూపు బేసిక్ అంకె మీదే ఆగిపోతుంది. కానీ నాలుగైదేళ్లు తిరిగేసరికి జీతాన్ని నడిపేది ఈ వాక్యమే.

అది నడిచే తీరు ఇది. పరిశ్రమల కార్మికుల ధరల సూచీని బట్టి కార్మిక శాఖ ఏడాదికి రెండుసార్లు పాయింట్లు ప్రకటిస్తుంది. జులై నుంచి డిసెంబర్ సగటు ఏప్రిల్ 1 నుంచి, జనవరి నుంచి జూన్ సగటు అక్టోబర్ 1 నుంచి వర్తిస్తాయి. జీవో రాసిన నాటి సూచీ కంటే ఎన్ని పాయింట్లు పెరిగితే, అన్నిసార్లు ఆ పాయింటు రేటు కలుపుతారు. దాన్నే వీడీఏ అంటారు.

లెక్క తేలిగ్గా ఉండాలని గుండ్రటి అంకెలు పెడుతున్నా, ఇవి ఏ జీవోలోవీ కావు. బేసిక్ 7,000, జీవో నాటి సూచీ 1,000 అనుకుందాం. ఏడేళ్లకు సూచీ 1,400 అయింది. అంటే ధరలు నలభై శాతం పెరిగాయి. 7,000 విలువ నిలబడాలంటే ఇప్పుడు 9,800 చేతికి రావాలి. పాయింటుకు 7 రూపాయలు ఉంటే 400 పాయింట్లకు 2,800, సరిగ్గా 9,800 వస్తుంది. అదే పాయింటుకు 6 రూపాయలే రాసి ఉంటే 2,400 మాత్రమే కలిసి 9,400 దగ్గర ఆగుతుంది. డీఏ ఆరునెలలకోసారి పెరుగుతూనే ఉంటుంది, రిజిస్టర్లో తప్పేం కనిపించదు. అయినా కూలి విలువ మాత్రం నెలకు 400 తగ్గిపోయింది.

కాబట్టి జీవో చేతికి రాగానే బేసిక్‌ను అందులోని సూచీతో భాగించండి. వచ్చిన అంకె కంటే పాయింటు రేటు తక్కువుంటే ఆ డీఏ ధరల వెనక కుంటుతూ నడుస్తుంది. సమానంగా ఉంటే పక్కపక్కనే నడుస్తుంది. అన్ని తరగతులకూ ఒకే పాయింటు రేటు పెట్టిన చోట అన్‌స్కిల్డ్ వాళ్లకే ఎక్కువ లాభం, ఎందుకంటే వాళ్ల బేసిక్ చిన్నది. అదే రేటుతో ఆపరేటర్ వెనకబడతాడు, ఊడ్చేవాళ్లు నిలబడతారు.

ఇక సేటు చెప్పిన అయిదు శాతం. నిజం చెప్పాలంటే అది చెడ్డ బేరమేమీ కాదు. 7,000 మీద ఏటా అయిదు శాతం, ఏడేళ్లు ఒక్క ఏడాదీ తప్పకుండా వేస్తే 9,850 దాకా వస్తుంది. పాయింటుకు 6 రూపాయల డీఏ కంటే అదే నయం. తంటా అంతా ఆ "తప్పకుండా" దగ్గరే. ధాన్యం సరిగా రాలేదని, పాత మేనేజర్ పోయి కొత్తాయన వచ్చాడని రెండేళ్లు పెంపు ఆపితే 8,934 దగ్గరే ఉంటారు. నేను రాసిన రిజిస్టర్లలో ఏడేళ్లలో రెండేళ్లు ఆగకుండా సాగిన పెంపు ఒక్కటీ గుర్తులేదు. వీడీఏకి సేటు మూడ్‌తో పనిలేదు.

అయితే మొత్తం కలిపి ఇవ్వడం చట్టవిరుద్ధమని మా యూనియన్ వాళ్లు కొందరు చెప్పే మాట సరికాదు. కనీస వేతనం అంటే బేసిక్, డీఏ కలిసిన ఒకే మొత్తమని, ఆ మొత్తానికి మించి ఇచ్చే యజమాని డీఏ విడిగా ఇవ్వక్కర్లేదని 1999లో ఎయిర్‌ఫ్రెయిట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే జీతం చీటీలో డీఏ అనే గడి లేనంత మాత్రాన గొడవ పడలేం. ఆ నెల జీవో మొత్తం ఎంత, మీకు వచ్చింది ఎంత, అంతే. పై లెక్కలో జీవో ప్రకారం 9,400 రావాల్సిన చోట 8,934 ఇస్తే నెలకు 466 బాకీ. దాన్ని అడిగే హక్కు ఉంది. 1948 కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలల్లోపే క్లెయిమ్ వేయాల్సి వచ్చేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ దాన్ని మూడేళ్లు చేసింది.

మోసం ఇంకోచోట కూడా జరుగుతుంది. నెల మొత్తాన్ని రోజు కూలిగా మార్చేటప్పుడు 26తో భాగించాలి, వారానికో సెలవు అందులోనే కలిసి ఉంటుంది కాబట్టి. 9,800ను 26తో భాగిస్తే రోజుకు దాదాపు 377. కొందరు 30తో భాగించి 327 ఇస్తారు, పైగా ఆదివారం కూలి కూడా కోస్తారు. రోజుకు యాభై అక్కడే పోయాక బేసిక్కా, కన్సాలిడేటెడా అన్న చర్చ దేనికి?

డీఏని వెనకేసుకొచ్చాను కదా, దాని హద్దు కూడా చెప్పాలి. డీఏ పాత బతుకును పాత స్థాయిలోనే నిలబెడుతుంది, పైకి లేపదు. పైకి లేపాల్సింది బేసిక్ సవరణ. అది అయిదేళ్లకు మించకుండా చేయాలని పాత చట్టమూ చెప్పింది, కొత్త కోడూ చెప్తోంది. దానికి రెండు దారులు. కమిటీ వేసి నివేదిక తీసుకోవడం ఒకటి. ప్రతిపాదనలు గెజెట్‌లో వేసి, కనీసం రెండు నెలలు గడువిచ్చి, అభ్యంతరాలు విని ఖరారు చేయడం ఇంకోటి. ఏ దారిలో వెళ్లినా చివర గెజెట్‌లో అచ్చు పడితేనే పని. మన రాష్ట్రంలో 2021లో అయిదు రంగాలకు జీవోలు ఇచ్చి గెజెట్‌లో వేయకుండా ఆపేశారు, అది హైకోర్టు దాకా వెళ్లింది. వాట్సాప్‌లో తిరిగే జీవో చూసి సంతోషపడేముందు గెజెట్ ఉందా అని అడగమనేది అందుకే.

ఉపాధి హామీ కూలితో పోల్చమని కొందరంటారు. 2025-26లో మన దగ్గర రోజుకు 307. అది వేరే సూచీ మీద నడిచే వేరే రేటు, మిల్లు కూలికి అది కొలత కాదు. 2019లో కేంద్రం చెప్పిన 178 రూపాయల జాతీయ కనీస మొత్తం గురించైతే మాట్లాడేదేమీ లేదు.

అక్కకు నేను చెప్పింది ఇంతే. సేటు అయిదు శాతాన్ని వద్దనకు. కానీ చీటీ మీద ఒక్క వాక్యం రాసివ్వమను: "ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జీవో ప్రకారం వచ్చే మొత్తం ఇంతకంటే ఎక్కువైతే ఆ తేడా కలుపుతాం." రెండు రోజులకు మళ్లీ ఫోన్ చేసింది. నోటిమాట చాలదా, కాగితం ఎందుకు అన్నాడట సేటు. "గట్లైతే నాకు డీఏనే ఇయ్యుండ్రి" అని వచ్చేసిందట.