మా ఫైబర్ నెట్, మూడేళ్ల తర్వాత: కస్టమర్ కేర్‌తో పని జరిపించిన ఒక్క అంకె

స్పీడు, ప్లాను, ధర సంగతి అందరికీ తెలిసిందే, వాటిని వదిలేస్తున్నాను. ఈ కనెక్షన్‌లో నాకు నిజంగా నచ్చింది వేరే ఉంది. రౌటర్ పేజీలో `Rx Power` అనే అంకెను కంపెనీవాళ్లు మనకు కనబడకుండా దాచలేదు. ఫైబర్‌లో మా ఇంటి దాకా వచ్చే లైటు బలమెంతో ఆ అంకె చెబుతుంది. బ్రౌజర్‌లో `192.168.1.1` కొట్టి, రౌటర్ కింద అంటించిన పాస్‌వర్డ్‌తో లాగిన్ అయితే స్టేటస్‌లోనో ఆప్టికల్ ఇన్ఫోలోనో ఉంటుంది.

పోయిన వానాకాలం నెట్‌కి ఒక వింత జబ్బు పట్టుకుంది. ఉన్నంతసేపూ స్పీడు పూర్తిగా వచ్చేది. గాలి వీస్తే మాత్రం అర నిమిషం పోయి, మళ్లీ వచ్చేది. ఆఫీసు మీటింగులో మాట మధ్యలో తెగిపోయేది. కేర్‌కి ఫోన్ చేస్తే "సార్, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ చేయండి" అనేవారు. ఈలోపు నెట్ వచ్చేసేది. స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది కదా అని కంప్లయింట్ మూసేసేవారు. నెట్ స్లోగా ఉంది, వచ్చి పోతోంది అని చెబితే వాళ్లకు వినబడేది వైఫై సమస్య అనే.

అందుకని ముందు వైఫైని లెక్కలోంచి తీసేశాను. విండోస్ ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రౌటర్‌కి కలిపి, వైఫై ఆపేసి, రెండు కమాండ్ విండోలు తెరిచి ఒక్కోదాంట్లో ఒక్కటి నడిపాను.

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది రౌటర్ దాకా వెళ్లి వస్తుంది, రెండోది బయటికి. నెట్ పోయినప్పుడు రెండూ ఆగితే తప్పు మన కేబుల్‌దో రౌటర్‌దో అయ్యుంటుంది. నాకు మొదటి విండోలో జవాబులు ఆగకుండా వస్తూనే ఉన్నాయి, రెండోదాంట్లో `Request timed out` వరస కట్టింది. ఆ క్షణంలోనే రౌటర్ మీద ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా కొట్టుకుంది. అంటే ఫైబర్‌లోంచి లైటు అందడం లేదన్నమాట. `Rx Power` చూస్తే మైనస్ 29 డీబీఎం. నెట్ బాగున్న రోజుల్లో తీసి పెట్టుకున్న ఫొటోలో మైనస్ 21 ఉంది. మైనస్ తర్వాత అంకె పెరిగేకొద్దీ లైటు తగ్గినట్టు. ప్రతి మూడుకీ సగమవుతుంది కాబట్టి ఎనిమిది తగ్గితే దాదాపు ఆరో వంతే మిగులుతుంది. మామూలుగా మైనస్ 27 దాటితే రౌటర్‌కి ఆ లైటు అందుకోవడం కష్టం.

ఈసారి రౌటర్ పక్కనే కూర్చుని, మొబైల్ డేటాతో కంప్లయింట్ యాప్ తెరిచి ఫోన్ చేశాను. కస్టమర్ ఐడీ, రిజిస్టర్డ్ నంబరు, పాత కంప్లయింట్ల డాకెట్ నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకున్నాను. చెప్పింది ఇంతే: "మేడమ్, ల్యాన్‌లో టెస్ట్ చేశాను, వైఫై కాదు. రౌటర్‌కి పింగ్ వస్తోంది, బయటికి పోవడం లేదు. పోయినప్పుడల్లా ఎల్‌ఓఎస్ ఎర్రగా వెలుగుతోంది. ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 29, ఇదివరకు 21 ఉండేది. రీస్టార్ట్ చేశాను, తేడా లేదు. లైన్‌మన్ పవర్ మీటర్ తీసుకుని రావాలి, దయచేసి డాకెట్‌లో ఈ అంకెలు రాయండి." ఆవిడ రీస్టార్ట్ మాట ఎత్తలేదు. అంకెలు తిరిగి చదివి వినిపించి మరీ రాసుకుంది.

వచ్చిన కుర్రాడు తెలివైనవాడు. ఇంట్లోకి రాకుండా నేరుగా స్తంభం మీది డబ్బా దగ్గరికి వెళ్లాడు. ఫైబర్‌లోకి ఎర్ర లైటు పెన్ను పెడితే, డబ్బా మూత అంచున సన్నటి పసుపు తీగ మడతపడిన చోట ఎర్రటి వెలుగు బయటికి కారుతూ కనిపించింది. గాలికి బయటి కేబుల్ ఊగినప్పుడల్లా ఆ మడత ఇంకా బిగుసుకునేది. తీగను వెడల్పుగా చుట్టి, కనెక్టర్ తుడిచి, కేబుల్‌ని క్లిప్పుతో కట్టాడు. పేజీలో మైనస్ 20 వచ్చాకే కంప్లయింట్ మూసే ఓటీపీ చెప్పాను.

ఒక్క జాగ్రత్త. కేర్‌వాళ్లు రీసెట్ అంటే, స్విచ్ ఆపి వేయమంటున్నారా, సన్న రంధ్రంలో పిన్ను గుచ్చమంటున్నారా అని అడగండి. పిన్ను గుచ్చితే చాలా రౌటర్లలో లాగిన్ వివరాలు చెరిగిపోతాయి, అసలు నెట్టే రాదు.

కొత్తలో ఈ కంపెనీ కేర్ చాలా బాగుందని చాలామందికి చెప్పాను. ఇప్పుడు అడిగితే, అంకెలు చేతిలో ఉంటే బాగుంటుంది అంటాను. మా అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు ఫోన్ చేస్తే ఆమెకు ఇంకా రీస్టార్టే చెబుతున్నారు. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉందో లేదో మాత్రం చూసి చెప్పమన్నాను, అది ఆమెకు వచ్చు. ఇంటి నుంచి పనిచేసే నాకు ఈ కనెక్షన్ సరిపోతోంది, రెన్యూ చేశాను. మీ రౌటర్‌లో ఆ పేజీకి తాళం వేసి ఉంటే, లేక మీది ఫైబర్ కాక కేబుల్ నెట్ అయితే, ఈ మార్కులు అలాగే వేయలేను.